ఒక్క నొక్కు, ఒక్క టిక్కు తేడా

ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు డిజిటల్ ల్యాబ్‌లో తొలి రోజుల్లోనే ఇచ్చే పని ఒకటుంది. ఎఫ్‌పీజీఏ బోర్డు మీద ఒక బటన్, పక్కన 0 నుంచి 15 వరకూ చూపే కౌంటర్. బటన్ ఒకసారి నొక్కితే అంకె ఒకటి పెరగాలి. పని అంతే. ‘బటన్ నొక్కి ఉంటే కౌంటర్ పెంచు’ అని రాసి, బోర్డులోకి ఎక్కించి నొక్కుతారు. 3 ఉన్న చోట 11 వస్తుంది. మళ్లీ నొక్కితే 2 వస్తుంది. ఎన్నిసార్లు నొక్కినా వచ్చే అంకెకూ, నొక్కిన వేలికీ సంబంధం కనిపించదు.

నిజానికి బోర్డు చెప్పినట్టే చేసింది. అలాంటి బోర్డుల్లో క్లాక్ సాధారణంగా 50 మెగాహెర్ట్జ్ ఉంటుంది. అంటే సెకనుకు 5 కోట్ల టిక్కులు, టిక్కుకూ టిక్కుకూ మధ్య 20 నానోసెకన్లు. మనిషి ఎంత త్వరగా నొక్కి వదిలినా వేలు సెకనులో పదో వంతు సేపైనా బటన్ మీద ఉంటుంది. ఆ కాసేపట్లో 50 లక్షల టిక్కులు దాటిపోతాయి. ప్రతి టిక్కుకూ ‘నొక్కి ఉందా? ఉంది. పెంచు’ అనుకుంటూ కౌంటర్ 50 లక్షల సార్లు పెరిగి, 15 దాటినప్పుడల్లా సున్నాకు వచ్చి, వేలు తీసిన క్షణాన ఎక్కడుంటే అక్కడ ఆగింది.

మనకు కావలసింది బటన్ నొక్కి ఉండటం కాదు, నొక్కడం. వదిలి ఉన్న బటన్ నొక్కిన స్థితికి మారిన ఆ ఒక్క సందర్భం. దాన్ని పట్టాలంటే సర్క్యూట్‌కు కిందటి టిక్కు దగ్గర బటన్ ఎలా ఉందో గుర్తుండాలి. ఇప్పుడు నొక్కి ఉండి, కిందటిసారి వదిలి ఉంటే, అదే కొత్త నొక్కు. ఇలా కొద్దిపాటి జ్ఞాపకం పెట్టుకుని, వచ్చే ఇన్‌పుట్‌ను బట్టి ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతూ, అవుట్‌పుట్ ఇచ్చే ఏర్పాటునే ఫైనైట్ స్టేట్ మెషీన్ అంటారు. దాని జ్ఞాపకం ఉండేది ఫ్లిప్‌ఫ్లాప్‌లో. టిక్కు పడిన క్షణాన తన ముందున్న విలువను ఫ్లిప్‌ఫ్లాప్ కెమెరా ఫొటో తీసినట్టు పట్టుకుంటుంది, తర్వాతి టిక్కు దాకా అదే చూపిస్తుంది. మధ్యలో ఏం జరిగినా దానికి పట్టదు.

ఈ మెషీన్‌ను కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. స్విచింగ్ థియరీ అండ్ లాజిక్ డిజైన్ పేరుతో జేఎన్‌టీయూ సిలబస్‌లో చదువుకున్నవాళ్లకు మూర్ మెషీన్, మీలీ మెషీన్ అనే పేర్లు గుర్తుండే ఉంటాయి. ఒకదాంట్లో అవుట్‌పుట్ స్థితి మీద మాత్రమే ఆధారపడుతుంది, రెండోదాంట్లో స్థితి మీదా ఇన్‌పుట్ మీదా ఆధారపడుతుంది అని రెండు వాక్యాలు రాస్తే పరీక్షలో మార్కులు వచ్చేస్తాయి. ఆ రెండు వాక్యాల వల్ల అవుట్‌పుట్ ఎప్పుడు మారుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, దాన్ని అవతలివాడు ఏ టిక్కు దగ్గర చూస్తాడు అన్నదే అసలు సంగతి. బటన్ ఉదాహరణతోనే చూద్దాం.

మీలీ పద్ధతిలో రెండు స్థితులు చాలు: వదిలి ఉంది, నొక్కి ఉంది. ‘వదిలి ఉంది’ స్థితిలో ఉండగా ఇన్‌పుట్ 1 అయితే, వెంటనే అవుట్‌పుట్ 1. తర్వాతి టిక్కుకు స్థితి ‘నొక్కి ఉంది’కి మారుతుంది, అవుట్‌పుట్ 0 అవుతుంది. వెరిలాగ్ భాషలో రాస్తే ఇంతే. ఇందులో d బటన్, q జ్ఞాపకం, p మనకు కావలసిన పల్స్.

```verilog
always @(posedge clk) q <= d;
assign p = d & ~q;
```

రెండో వరుస చూడండి. ‘ఇప్పుడు నొక్కి ఉంది, కిందటిసారి లేదు’ అన్న మాటే అది. అందులో d నేరుగా ఉంది. బటన్ నుంచి అవుట్‌పుట్ దాకా ఒక గేట్ తప్ప మరేమీ అడ్డు లేదు.

మూర్ పద్ధతిలో మూడు స్థితులు కావాలి: వదిలి ఉంది, ఇప్పుడే నొక్కారు, నొక్కే ఉంది. అవుట్‌పుట్ 1 ఉండేది మధ్య స్థితిలో మాత్రమే. ఆ స్థితిలోకి వెళ్లాలంటే టిక్కు పడాలి, బయటికి రావాలన్నా టిక్కు పడాలి. దీన్ని రాసే తీరులో చిన్న అందం ఉంది.

```verilog
always @(posedge clk) begin
  q <= d;
  p <= d & ~q;
end
```

మీలీలో ఉన్న ఆ గేటే ఇక్కడా ఉంది. కాకపోతే దాని ఫలితం నేరుగా బయటికి పోకుండా మరో ఫ్లిప్‌ఫ్లాప్‌లోకి వెళ్తోంది. q, p రెండూ 0 అయితే ‘వదిలి ఉంది’. రెండూ 1 అయితే ‘ఇప్పుడే నొక్కారు’. q ఒక్కటే 1 అయితే ‘నొక్కే ఉంది’. నాలుగో కలయిక ఎప్పటికీ రాదు, ఎందుకంటే p 1 అయిన టిక్కుకే q కూడా 1 అవుతుంది. మీలీ అవుట్‌పుట్‌కు ఒక ఫ్లిప్‌ఫ్లాప్ తగిలిస్తే అది ఒక టిక్కు ఆలస్యంగా అదే పని చేసే మూర్ మెషీన్ అయిపోతుందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో పట్టికలు, బాణాల బొమ్మల మధ్య మరుగునపడిపోతుంది. ఈ రెండు ముక్కల కోడ్‌లో అది కళ్లకు కనబడుతుంది.

ఈ పేర్లు గలవారి గురించి కొంచెం. జార్జ్ మీలీ, ఎడ్వర్డ్ మూర్ ఇద్దరూ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసినవాళ్లు. మీలీ వ్యాసం 1955లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో వచ్చింది. జ్ఞాపకం ఉన్న సర్క్యూట్‌ను పద్ధతి ప్రకారం ఎలా రూపొందించాలన్నది ఆయన విషయం. మూర్ వ్యాసం 1956లో క్లాడ్ షానన్, జాన్ మెకార్తీ సంపాదకత్వంలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వేసిన ‘ఆటోమేటా స్టడీస్’ సంపుటిలో వచ్చింది. మూసి ఉన్న పెట్టెలోకి ఇన్‌పుట్లు పంపుతూ, వచ్చే అవుట్‌పుట్లు చూస్తూ, లోపలి స్థితి గురించి ఎంత తెలుసుకోగలం అన్నది మూర్ ప్రశ్న. పెట్టె ఏ స్థితిలో ఉందో ఆ స్థితికి తగ్గ అవుట్‌పుట్ బయటికి కనిపిస్తూ ఉండటం ఆయన ప్రశ్నకు సరిగ్గా సరిపోయింది. ఒకరు కట్టే మనిషి, ఇంకొకరు బయట నిలబడి గమనించే మనిషి. చిప్పుల్లో ట్రాన్సిస్టర్ల సంఖ్య పెరిగే తీరు గురించి 1965లో చెప్పిన మూర్ వేరు. ఆయన గోర్డన్ మూర్. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడుతుంటారు.

ఇక గడియారం దగ్గర పెట్టుకుని చూద్దాం. టిక్కులు 0, 20, 40, 60, 80 నానోసెకన్ల దగ్గర పడుతున్నాయి. టిక్కు పడ్డాక ఫ్లిప్‌ఫ్లాప్ కొత్త విలువ చూపడానికి 1 నానోసెకను, గేట్ దాటడానికి 1 నానోసెకను పడుతుందని లెక్క తేలికగా ఉండటానికి అనుకుందాం. బటన్ ఇన్‌పుట్ 33 దగ్గర 0 నుంచి 1కి మారింది. వేలికి క్లాక్ గురించి తెలియదు కాబట్టి అది రెండు టిక్కుల మధ్య ఎక్కడైనా పడొచ్చు.

మీలీ సర్క్యూట్‌లో 34కల్లా p పైకి లేచింది. 40 దగ్గర టిక్కు పడింది, q ఆ 1ని పట్టుకుంది, 41కి బయటికి చూపింది, 42కి గేట్ p ని కిందికి దించింది. పల్స్ 34 నుంచి 42 దాకా, మొత్తం 8 నానోసెకన్లు. కౌంటర్ 40 దగ్గర చూసినప్పుడు p 1గా ఉంది కాబట్టి ఒకటి పెరిగింది. తనను పుట్టించిన ఇన్‌పుట్ ఇంకా అలాగే ఉన్నా, టిక్కు పడగానే పల్స్ తనను తాను కోసేసుకుంది. కోసుకునేలోపే కౌంటర్ చూసేసింది.

మూర్ సర్క్యూట్‌లో 33 దగ్గర బయటికి ఏమీ కనిపించదు. 40 టిక్కుకు p ఫ్లిప్‌ఫ్లాప్ ఆ విలువను పట్టుకుని 41 దగ్గర లేస్తుంది. 60 టిక్కుకు మళ్లీ చూసుకుని 61 దగ్గర దిగుతుంది. పల్స్ సరిగ్గా 20 నానోసెకన్లు. బటన్ 23 దగ్గర నొక్కినా, 33 దగ్గర నొక్కినా, 37 దగ్గర నొక్కినా ఈ 41, 61 మారవు. కౌంటర్ దాన్ని చూసేది 60 టిక్కు దగ్గర.

‘మీలీ ఒక క్లాక్ ముందు’ అని పుస్తకాల్లో రాసే మాట ఇక్కడ కాస్త విప్పి చూడాల్సి ఉంది. పల్స్ లేచిన క్షణాలు చూస్తే ఒకటి 34, ఇంకొకటి 41. తేడా 7 నానోసెకన్లే. బటన్ 23 దగ్గర నొక్కి ఉంటే అది 17 అయ్యేది. ఆ తేడాకు స్థిరమైన కొలత లేదు. కానీ కౌంటర్ చూసిన టిక్కులు 40, 60. అక్కడ తేడా కచ్చితంగా ఒక టిక్కు. వేవ్‌ఫామ్ చూస్తూ గీత ఎక్కడ లేచిందని కాక, తర్వాతి ఫ్లిప్‌ఫ్లాప్ దాన్ని ఏ టిక్కు దగ్గర పట్టుకుందని అడిగితేనే ఆ మాటకు అర్థం ఉంటుంది. మూర్ అవుట్‌పుట్ వేళ క్లాక్ చేతిలో ఉంటుంది. మీలీ అవుట్‌పుట్ లేచే వేళ ఇన్‌పుట్ చేతిలో ఉంటుంది.

ఇన్‌పుట్ చేతిలో ఉండటం ఎంత ప్రమాదమో చూడటానికి బటన్‌ను 39.5 దగ్గర నొక్కుదాం. q కి దారి నేరుగా ఉంది. ఆ అర నానోసెకను వ్యవధి దానికి సరిపోయింది, 40 టిక్కుకు 1ని పట్టుకుంది. కానీ పల్స్ గేట్ దాటి రావాలి కదా, అది 40.5కి లేచింది. అప్పటికి కౌంటర్ చూడటం అయిపోయింది. 42కి q దాన్ని దించేసింది. 40.5 నుంచి 42 దాకా రెండు టిక్కుల మధ్య ఒక సన్నని పల్స్ వచ్చి పోయింది, కౌంటర్ దాన్ని ఎన్నడూ చూడలేదు. మెషీన్ మాత్రం ఈ నొక్కు సంగతి చూసేశానని గుర్తుపెట్టుకుంది. నొక్కు పోయింది. పదేపదే నొక్కుతూ పోతే ఎప్పుడో ఒకసారి ఇలా జరుగుతుంది, మళ్లీ చేసి చూపించమంటే జరగదు. ల్యాబ్‌లో ఇలాంటి తప్పే మనిషిని అన్నిటికంటే ఎక్కువ ఏడిపిస్తుంది.

బటన్ 39 దగ్గర నొక్కితే ఇంకా వింత. పల్స్ సరిగ్గా 40కి కౌంటర్ దగ్గరికి చేరుతుంది. కౌంటర్‌లో నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌లున్నాయి, ఒక్కోదానికి పోయే తీగ పొడవు కొంచెం తేడాగా ఉంటుంది. కొన్నిటికి పల్స్ అందుతుంది, కొన్నిటికి అందదు. కౌంటర్‌లో 7 ఉందనుకోండి. బైనరీలో అది 0111. తర్వాత రావలసింది 8, అంటే 1000. నాలుగు బిట్లూ ఒకేసారి మారాలి. ఎడమ చివరి బిట్‌కు మాత్రమే పల్స్ అంది, మిగతా మూడు పాత విలువతోనే ఉండిపోతే వచ్చేది 1111. 7 నొక్కిన తర్వాత 15 వస్తుంది. బటన్ పాడైపోయిందనుకుని కొత్తది తెచ్చి వేసినా ఈ రోగం కుదరదు.

మూర్ సర్క్యూట్ వాడితే కౌంటర్‌కు ఈ బాధ ఉండదు, ఎందుకంటే దానికి అందే p ఎప్పుడూ టిక్కు తర్వాత 1 నానోసెకనుకే మారి, తర్వాతి టిక్కు దాకా నిలకడగా ఉంటుంది. అలాగని మూర్ మెషీన్‌కు ఏ సమస్యా ఉండదనీ చెప్పలేం. దానిలో q, p రెండూ ఒకే బటన్‌ను చూస్తున్నాయి. బటన్ సరిగ్గా టిక్కు మీద మారితే q పట్టుకుని p పట్టుకోకపోవచ్చు, అప్పుడు ఒక నొక్కు పోతుంది. p పట్టుకుని q పట్టుకోకపోతే తర్వాతి టిక్కుకు p మళ్లీ 1 అవుతుంది, ఒక నొక్కు రెండుగా పడుతుంది. ఇంకా లోతుకు పోతే, ఫ్లిప్‌ఫ్లాప్ ఫొటో తీసే క్షణంలోనే ఇన్‌పుట్ కదిలితే అది 0కీ 1కీ మధ్య కాసేపు తటపటాయించే అవకాశం కూడా ఉంది. దాన్ని మెటాస్టెబిలిటీ అంటారు.

అందుకే బయటి ప్రపంచం నుంచి వచ్చే ఏ ఇన్‌పుట్‌నైనా ముందు వరసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపుతారు. దీన్ని సింక్రనైజర్ అంటారు. మొదటిది తటపటాయించినా రెండోది చూసే లోపు తేరుకోవడానికి దాదాపు ఒక టిక్కు సమయం దొరుకుతుంది. బటన్ లోపలి రేకు ఎగిరెగిరి పడుతూ కొన్ని మిల్లీసెకన్ల పాటు ఇచ్చే అదురు వేరే సంగతి. దానికి డీబౌన్సర్ వేరుగా పెట్టాలి, మూర్ అయినా మీలీ అయినా ఆ అదురును నిజమైన నొక్కులుగానే లెక్కపెట్టేస్తాయి.

సింక్రనైజర్ పెట్టాక మళ్లీ అదే 33 నుంచి మొదలుపెడదాం. మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ 41కి, రెండోది 61కి 1 అవుతాయి. మన మెషీన్‌కు d ఇప్పుడు 61 దగ్గర మారుతుంది. అంటే ఇన్‌పుట్ కూడా క్లాక్ అదుపులోకి వచ్చేసింది. మీలీ పల్స్ 62 దగ్గర లేచి 82 దగ్గర దిగుతుంది, నిండుగా 20 నానోసెకన్లు. కౌంటర్ 80 టిక్కుకు చూస్తుంది. మూర్ పల్స్ 81 నుంచి 101 దాకా ఉంటుంది, కౌంటర్ 100 టిక్కుకు చూస్తుంది. సన్నని పల్సుల గొడవ లేదు, 7 తర్వాత 15 రాదు, మిగిలింది ఒక టిక్కు ఎడం మాత్రమే. మీలీ మెషీన్ ముక్కుసూటిగా పనిచేయాలంటే దాని ఇన్‌పుట్ అదే క్లాక్ కింద పనిచేసే మరో ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి రావాలి. ఆ షరతు తీరినంత కాలం దాన్ని చూసి భయపడాల్సింది లేదు.

బటన్ విషయంలో నేనైతే మరో ఆలోచన లేకుండా మూర్ వాడతాను. వేలికి 20 నానోసెకన్లు లెక్కలోకే రావు. కానీ ఒక్క టిక్కు ఆలస్యం పనిని సగానికి సగం తగ్గించేసే చోట్లు ఉన్నాయి. చిప్పు లోపల డేటా ఒక అర నుంచి మరో అరకు వరసగా జరిగే దారి అందుకు మంచి ఉదాహరణ. ఒక్కో అరలో ఒక్క డేటా మాటే పడుతుంది. ప్రతి అరా తన వెనకున్న అరకు ‘పంపవచ్చు’ అనే సంకేతం ఇస్తుంది. ఇంజినీర్లు దాన్ని రెడీ అంటారు.

మూర్ పద్ధతిలో రెడీ సంకేతం అర స్థితి మీదే ఆధారపడుతుంది: ఖాళీగా ఉంటే పంపవచ్చు, నిండి ఉంటే వద్దు. మొదటి టిక్కుకు అర నిండింది. రెండో టిక్కుకు ముందున్న అర దాన్ని తీసుకుంది, కానీ ఆ టిక్కు దాకా మన అర ‘నిండి ఉంది’ అనే చెబుతోంది కాబట్టి వెనకవాడు కొత్తది పంపలేదు. మూడో టిక్కుకు గానీ మళ్లీ నిండదు. ఒక టిక్కు పని, ఒక టిక్కు ఖాళీ. సెకనుకు 5 కోట్ల మాటలు పోవాల్సిన దారిలో రెండున్నర కోట్లే పోతాయి.

మీలీ పద్ధతిలో రెడీ సంకేతం ఇన్‌పుట్‌ను కూడా చూస్తుంది: ఖాళీగా ఉన్నా పంపవచ్చు, నిండి ఉన్నా ముందున్నవాడు ఈ టిక్కుకే తీసుకుంటానంటే పంపవచ్చు. ఒకటి బయటికి పోయే టిక్కుకే ఇంకొకటి లోపలికి వస్తుంది. దారి ఎప్పుడూ నిండుగా నడుస్తుంది. ఇక్కడ ఆ ఒక్క టిక్కు ముందు తెలియడం సగం పని విలువ చేస్తుంది.

అయితే ఇలాంటి అరలు పాతిక వరసగా పెట్టారనుకోండి. చివరి అర ముందున్నవాడు ‘తీసుకుంటాను’ అన్న సంకేతం 25వ అర గేట్ దాటి, 24వ అర గేట్ దాటి, అలా మొదటి అర దాకా ఒకే టిక్కులో రావాలి. ఎక్కడా ఫ్లిప్‌ఫ్లాప్ ఆపదు. గేటుకు 1 నానోసెకను చొప్పున 25 అయ్యాయి, మన దగ్గర ఉన్నది 20. ఏ ఒక్క అరలోనూ తప్పు లేదు, అన్నీ కలిపితే సర్క్యూట్ ఆ వేగంతో నడవదు. అంతకంటే ఘోరమైనది, రెండు మీలీ మెషీన్లు ఎదురెదురుగా కూర్చుని, నీ సంకేతం చూసి నాది, నా సంకేతం చూసి నీది అన్నట్టు రాసుకోవడం. మధ్యలో ఫ్లిప్‌ఫ్లాప్ లేని వలయం ఏర్పడుతుంది. సింథసిస్ టూల్ ‘కాంబినేషనల్ లూప్’ అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను వందల హెచ్చరికల్లో ఒకటిగా చూసి దాటేస్తే బోర్డు మీద సంకేతం ఎటూ తేలకుండా ఊగుతూ ఉండొచ్చు.

ఈ కారణంగానే ఆర్మ్ సంస్థ రూపొందించిన ఏఎక్స్ఐ ప్రొటోకాల్‌లో ఒక నియమం సూటిగా రాసి ఉంది. ఇప్పుడు లెక్కలేనన్ని చిప్పుల్లో లోపలి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ ప్రొటోకాల్‌తోనే. దాని ప్రకారం ఇంటర్‌ఫేస్ దగ్గర ఇన్‌పుట్ సంకేతాల నుంచి అవుట్‌పుట్ సంకేతాలకు నేరుగా గేట్ల దారి ఉండకూడదు. మన భాషలో చెప్పాలంటే గుమ్మం దగ్గర మీలీ అవుట్‌పుట్ నిషిద్ధం, లోపల ఎలా రాసుకున్నా మీ ఇష్టం. మరి సగం వేగం సంగతేమిటి? ఒక అరకు బదులు రెండు అరలు పెడతారు. రెడీ సంకేతం స్థితి మీదే ఆధారపడుతుంది. ముందున్నవాడు ఆగిపోయాడన్న సంగతి ఒక టిక్కు ఆలస్యంగా వెనక్కి చేరినా, ఆ లోపు వచ్చిన ఒక్క మాటా రెండో అరలో కూర్చుంటుంది. దీన్ని స్కిడ్ బఫర్ అంటారు. వేగం నిండుగా ఉంటుంది, దారి ప్రతి అర దగ్గరా తెగుతుంది. మూర్ వేళపాలన కోసం అదనంగా ఒక అర ఖర్చు పెట్టారన్నమాట. నా లెక్కలో అది చౌక బేరం.

మూర్ అవుట్‌పుట్‌లో గ్లిచ్‌లు రావు అని పుస్తకాల్లో కనిపించే మాటకు ఒక సవరణ చెప్పాలి. స్థితి రెండు బిట్లలో ఉండి, అవుట్‌పుట్‌ను వాటి నుంచి గేట్‌తో తీస్తే, 01 నుంచి 10కి మారేటప్పుడు రెండు బిట్లూ సరిగ్గా ఒకే క్షణంలో మారవు. ఒక బిట్ ముందు మారితే అర నానోసెకను పాటు 11 కనిపించవచ్చు. 11 అయితే అవుట్‌పుట్ 1 అని రాసి ఉంటే అక్కడ ఒక సన్నని ముల్లు లేస్తుంది. అది టిక్కు పడిన వెంటనే వచ్చి పోతుంది కాబట్టి తర్వాతి టిక్కు దగ్గర చూసే కౌంటర్‌కు ఏ హానీ లేదు. కానీ ఆ అవుట్‌పుట్‌ను ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్‌కు క్లాక్‌గానో, రీసెట్‌గానో వాడితే ఆ ముల్లే చాలు అంతా చెడగొట్టడానికి. మన బటన్ సర్క్యూట్‌లో p తానే ఒక ఫ్లిప్‌ఫ్లాప్ కావడం వల్ల ఆ బెడద లేదు. చిప్పు బయటికి పోయే ప్రతి సంకేతాన్నీ ఇలా ఫ్లిప్‌ఫ్లాప్ నుంచే పంపడం మంచి అలవాటు.

ఎవరో రాసిన కోడ్ చేతికి వచ్చినప్పుడు అది ఏ రకమో తేల్చుకోవడం కష్టం కాదు. అవుట్‌పుట్ లెక్కకట్టే వరుసలో, క్లాక్ బ్లాక్ బయట, ఇన్‌పుట్ పేరు కనిపిస్తే అది మీలీ. సిమ్యులేటర్‌లో అయితే క్లాక్ ఆపేసి ఇన్‌పుట్‌ను అటూ ఇటూ మార్చి చూడండి. అవుట్‌పుట్ ఒక్కసారైనా కదిలితే మీలీ. మూర్ అయితే టిక్కు పడేదాకా అంగుళం కదలదు. ఒకే మెషీన్‌లో కొన్ని అవుట్‌పుట్లు ఇలా, కొన్ని అలా ఉండటం కూడా మామూలే కాబట్టి ఒక్కో అవుట్‌పుట్‌నూ విడిగా చూడాలి.

సిమ్యులేటర్ దగ్గర చాలామంది విద్యార్థులు తికమకపడే చోటు ఇంకొకటుంది. ఇన్‌పుట్ టిక్కుతో ఢీకొనకుండా ఉండాలని టెస్ట్‌బెంచ్‌లో దాన్ని క్లాక్ దిగే అంచు మీద, అంటే రెండు టిక్కుల నట్టనడుమ మారుస్తారు. 20 నానోసెకన్ల క్లాక్‌లో అది 30 దగ్గర పడుతుంది. గేట్ల ఆలస్యాలు లేని సిమ్యులేషన్‌లో మీలీ పల్స్ 30కి లేచి 40కి దిగిపోతుంది. మూర్ పల్స్ 40 నుంచి 60 దాకా ఉంటుంది. ఒకటి సగమే ఉంది, కోడ్‌లో ఎక్కడో తప్పుందని గంటల తరబడి వెతుకుతారు. కోడ్‌లో తప్పు లేదు. ఇన్‌పుట్‌ను క్లాక్ ఎక్కే అంచు మీద `d <= 1` అని నాన్‌బ్లాకింగ్‌గా ఇచ్చి చూస్తే, d అప్పుడు ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి వచ్చినట్టే ప్రవర్తిస్తుంది, మీలీ పల్స్ కూడా నిండు 20 నానోసెకన్లకు పెరిగి, మూర్ పల్స్ కంటే సరిగ్గా ఒక టిక్కు ముందు కూర్చుంటుంది.